రిటైర్మెంట్‌కి నెలకి ఎంత దాచాలి? 12% రిటర్న్ నమ్మొచ్చా?

ప్రశ్న: నాకు 35, హైదరాబాద్‌లో ప్రైవేట్ జాబ్. సొంతిల్లు ఉంది, ఇంటి ఖర్చు నెలకి 40 వేలు, పీఎఫ్‌లో 8 లక్షలు ఉన్నాయి. 60కి రిటైర్ అవ్వాలి. సిప్‌లో 12% వస్తుంది అంటున్నారు, నెలకి ఎంత కట్టాలి?

జవాబు: ముందు ఆ 40 వేలల్లో పిల్లల స్కూల్ ఫీజులు, ఈఎంఐలు ఉంటే తీసేయండి, అవి అప్పటికి ఉండవు. కానీ తీసేసినదంతా మిగులు అనుకోకండి. మా నాన్నగారు రిటైర్ అయ్యాక ఆ ఇంటి లెక్కలు నేనే చూస్తున్నా, పాలు, కూరగాయల కంటే మెడికల్ షాప్ బిల్లు, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం చాలా వేగంగా పెరిగాయి. అందుకే ధరల పెరుగుదలకి రిజర్వ్ బ్యాంక్ టార్గెట్ 4 శాతమే అయినా ఇంటి ఖర్చు ఏటా 6 శాతం పెరుగుతుందని నేను వేస్తా. ఆ లెక్కన ఇవాళ్టి 40 వేలు 25 ఏళ్లకి నెలకి 1.72 లక్షలు, అంటే ఏడాదికి 20.6 లక్షలు.

రిటైర్ అయ్యాక డబ్బు ఎక్కువగా ఎఫ్‌డీలు, సీనియర్ సిటిజన్ స్కీమ్ లాంటి వాటిలోనే ఉంటుంది, ట్యాక్స్ పోగా వచ్చేది ధరల పెరుగుదలకి సరిపోతే గొప్ప. కాబట్టి 85 దాకా అనుకుంటే సింపుల్‌గా 25 ఏళ్ల ఖర్చు చేతిలో ఉండాలి, 20.6 లక్షలు ఇంటూ 25, అంటే 5.15 కోట్లు. నంబర్ చూసి భయపడకండి, ఇవాళ్టి విలువలో ఇది 1.2 కోట్లే.

ఇక రిటర్న్ సంగతి. 12 శాతం అన్నది మొత్తం డబ్బంతా ఈక్విటీలోనే ఉండి, మార్కెట్ బాగుంటే వచ్చే నంబర్. మీ డబ్బు అలా లేదు కదా, కొంత పీఎఫ్‌లో ఉంది. ఈక్విటీకి ఫండ్ ఖర్చులు, చివర్లో కట్టే ట్యాక్స్ పోగా నేను 10.5 వేసుకుంటా. పీఎఫ్ 2024-25కి 8.25 ఇచ్చారు కానీ 1990ల్లో ఇదే పీఎఫ్ 12 ఇచ్చేది, ఇంకా తగ్గొచ్చు అని 7.5 వేస్తా. 60 శాతం ఈక్విటీ, 40 శాతం పీఎఫ్ అనుకుంటే సగటు 9.3, నేను 9 పెట్టుకుంటా. అందులో 6 ధరలే తినేస్తాయి, అసలు పెరుగుదల 3 శాతం కూడా మిగలదు.

మీ 8 లక్షలు 7.5 శాతంతో 60కి దాదాపు 49 లక్షలు అవుతాయి. మిగతా 4.66 కోట్లకి ఎక్సెల్‌లో ఇది వేసి చూడండి:

```
=PMT(1.09^(1/12)-1, 300, 0, -46600000)
```

నెలకి 44 వేలు వస్తుంది, అదీ 25 ఏళ్లూ ఒకే అమౌంట్ కడితే. జీతం పెరిగేవాళ్లకి ఇది సరైన పద్ధతి కాదు, ఇప్పుడు ఊపిరాడదు, తర్వాతేమో అది చిన్న మొత్తం అయిపోతుంది. ఏటా 6 శాతం పెంచుకుంటూ పోతే 26 వేలతో మొదలుపెట్టినా సరిపోతుంది. ఈ 26 వేలల్లో పీఎఫ్ కూడా కలిసే ఉంది. అయితే కంపెనీ కట్టేదాంట్లో కొంత, చాలామందికి 1,250, పెన్షన్ స్కీమ్‌కి వెళ్తుంది, కాబట్టి జీతం స్లిప్ చూడకుండా పాస్‌బుక్‌లో పీఎఫ్ కింద నిజంగా పడేదే లెక్కలోకి తీసుకోండి. మీ వాటా, కంపెనీ వాటా కలిపి నెలకి 10 వేలు పడుతుంటే సిప్ 16 వేలు కడితే చాలు, అప్పుడు ఆ 60-40 కూడా దాదాపు దానంతట అదే కుదురుతుంది.

ఇదే లెక్క 12 శాతంతో వేస్తే 17,400తో మొదలుపెడితే చాలు అని చూపిస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. అలా కట్టాక నిజంగా వచ్చింది 9 అయితే 60కి పీఎఫ్‌తో కలిపి 3.63 కోట్లే ఉంటాయి, కోటిన్నర తక్కువ. అది 55లో తెలిస్తే పూడ్చడం చాలా కష్టమండి.

అందుకే ఏటా ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ వచ్చాక నేను రెండు నంబర్లు చూస్తా. ఒకటి పోగైన మొత్తం, మీ లెక్కలో 5 ఏళ్లకి అంతా కలిపి 33 లక్షల దగ్గర ఉండాలి. మార్కెట్ పడిన ఏడాది తగ్గితే కంగారు వద్దు, వరసగా రెండు మూడేళ్లు వెనకబడితే మాత్రం ఏటా పెంచేది 6 నుంచి 8 చేయండి. రెండోది ఇంటి ఖర్చు, దీన్ని ఎవరూ చూడరు. 40 వేలు 5 ఏళ్లకి 53,500 అవ్వాలి, అప్పటికే 60 వేలు దాటితే ఫండ్ ఎంత బాగా పెరిగినా మీ 5.15 కోట్ల టార్గెట్ పాతదైపోయినట్టే, కొత్త ఖర్చుతో లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి.