కొరియన్ వరి పోస్టర్‌ని తెలుగు చేసేటప్పుడు: బియ్యమా, ధాన్యమా, ఎకరమా?

ప్రశ్న: "మా ల్యాబ్‌లో కొరియన్‌లో వేసిన వరి పోస్టర్‌ని తెలుగు చేసి మా ఊళ్ళో రైతు సదస్సులో పెడదామనుకుంటున్నాం. బొమ్మల కింద రాతలు, పట్టికల హెడ్డింగులు, యూనిట్లు కూడా మార్చాలా? అలాగే వదిలేయొచ్చా?"

హెడ్డింగులు, బొమ్మల కింది రాతలు మార్చండి. పట్టికలోని అంకెల జోలికి మాత్రం వెళ్ళకండి. యూనిట్ల దగ్గరే అసలు గొడవంతా ఉంది.

నేను దక్షిణ కొరియాలోని జొంజులో వరి మీద పనిచేస్తున్నాను. తణుకు వైపు నుంచి వచ్చిన స్నేహితుడొకడు, నత్రజని మోతాదుల మీద వేసిన పోస్టర్‌ని అచ్చం మీలాగే ఊరికి పంపాలనుకున్నాడు. అనువాదం ఒక ఏజెన్సీకి ఇచ్చాడు. వచ్చిన డ్రాఫ్ట్‌లో మొదటి పట్టిక తలకట్టు చూస్తే "సోయా సాస్ (సెం.మీ.)" అని ఉంది. పక్క కాలమ్‌లో "జొన్నలు (వారానికి)". క్యాంటీన్‌లో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

తప్పు ఎక్కడ జరిగిందో తేలిగ్గానే దొరికింది. కొరియన్‌లో శాస్త్రీయ పదాలు చాలావరకు చైనా లిపి మాటల నుంచి వచ్చినవి. ఇప్పుడు వాటిని కొరియన్ లిపిలోనే రాస్తారు కాబట్టి వేరే వేరే మాటలు ఒకేలా కనిపిస్తాయి. "కాన్జాంగ్" అంటే వంటింట్లో సోయా సాస్, పొలంలో కాండం పొడవు. "సూసూ" అంటే జొన్న, కంకుల సంఖ్య కూడా. "జు" అంటే వారం, వరిలో అయితే దుబ్బు. వెరసి అక్కడ ఉండాల్సింది "కాండం పొడవు (సెం.మీ.)", "దుబ్బుకు కంకులు".

దీనికి నిఘంటువు కన్నా మంచి దారి ఉంది. అదే ప్రయోగం మీద ఆ ల్యాబ్ వాళ్ళు పేపర్ వేసి ఉంటే దాన్ని తెప్పించుకోండి. కొరియన్ వ్యవసాయ పత్రికల్లో వ్యాసం కొరియన్‌లో ఉన్నా పట్టికలు, బొమ్మల శీర్షికలు తరచుగా ఇంగ్లీషులోనే ఉంటాయి. హెడ్డింగులు అక్కడ చూసుకుంటే సోయా సాస్ బాధ తప్పుతుంది. ఇంకో సంగతి, కాండం పొడవులో కంకి కలవదు. దాన్ని "మొక్క ఎత్తు" అని రాసేస్తే మీటరుకు దగ్గరగా ఉండే మొక్క 80 సెంటీమీటర్ల పొట్టి రకమైపోతుంది. అలాగే కంకి తీసే తేదీ కింద 8.15 అని ఉంటే అది దశాంశం కాదు, ఆగస్టు 15. నెల ముందు, తేదీ తర్వాత. ఈ ఒక్కదాన్ని మాత్రం మాటల్లో రాసేయండి.

ఇక యూనిట్లు. కొరియాలో దిగుబడిని kg/10a లో చెబుతారు. వాళ్ళ పాత కొలతలో 300 ప్యాంగ్‌లు ఒక దాన్బో. అది 10 ఆర్‌లకు, అంటే 1,000 చదరపు మీటర్లకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి మెట్రిక్‌లోకి వచ్చాక కూడా అదే నిలబడిపోయింది. మన లెక్కలో 24.7 సెంట్లు, పావెకరానికి పిసరంత తక్కువ. తెలంగాణ వాళ్ళకైతే ఇంకా సులువు, దాదాపు పది గుంటలు. కాబట్టి kg/10a అంకెను 4.047 తో గుణిస్తే ఎకరానికి కిలోలు వస్తాయి.

ఏజెన్సీ వాళ్ళు ఇక్కడి దాకా సరిగ్గానే చేశారు. 520 ఉన్నచోట 2,104 వేసి "వరి దిగుబడి, ఎకరానికి కిలోలు" అని రాశారు. గ్రాఫ్ మాత్రం ఇమేజ్ కదా, అందులో అంకెలు మార్చడం కుదరలేదు. అక్షం పక్కన "ఎకరానికి కిలోలు" అని అతికించి 0 నుంచి 600 వరకు ఉన్న గీతల్ని అలాగే వదిలేశారు. పట్టికలో 2,104, బొమ్మలో 520, రెంటికీ ఒకే యూనిట్! అందుకే అంకెలు ముట్టుకోవద్దంటున్నాను. kg/10a ని అలాగే ఉంచి, కింద ఒక్క గమనికలో ఎకరం లెక్క చెబితే సరిపోతుంది.

స్నేహితుడు ఆ డ్రాఫ్ట్‌నే ఫోన్‌లో వాళ్ళ నాన్నగారికి చదివి వినిపించాడు. ఆయన 2,104 ని 75 కిలోల బస్తాల్లోకి మార్చుకుని, "ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాలు పండించడానికి కొరియా దాకా ఎందుకురా?" అన్నారు. దాళ్వాలో నలభై అయిదు బస్తాలు చూసిన మనిషి మరి.

పోస్టర్‌లో ఉన్నది "సల్ సురియాంగ్", బియ్యం దిగుబడి. ధాన్యం కాదు. మన దగ్గర బస్తాలంటే ధాన్యమే. కొరియన్ పట్టికల్లో మర పట్టిన బియ్యం, పొట్టు మాత్రం తీసిన ముడిబియ్యం, ధాన్యం మూడూ కనిపిస్తాయి. ఏది అన్నది హెడ్డింగ్‌లోనే ఉంటుంది. మనకు వడ్లు, బియ్యం, అన్నం అని వేరే వేరే మాటలున్నా "వరి" అని రాసి చేతులు దులుపుకోవడం నాకు భలే ఒళ్ళు మంట.

ధాన్యంలోకి మార్చాలంటే మిల్లు రికవరీ కావాలి. నూటికి 72 వస్తుందనుకుంటే 2,104 కిలోల బియ్యానికి 2,922 కిలోల ధాన్యం, అంటే 39 బస్తాలు. మన దగ్గర ప్రభుత్వం పచ్చి బియ్యానికి మిల్లర్లకు పెట్టే 67 శాతం తీసుకుంటే 42 బస్తాలవుతాయి. ఒక్క ఊహ మారితే మూడు బస్తాలు పెరిగాయి చూడండి. నేనైతే 72 వేస్తాను, ఎందుకంటే కొరియా పొట్టి గింజ మన సన్నాల్లా మరలో విరగదు. ఏది వేసినా గమనికలో ఆ శాతం రాయకపోతే మాత్రం ఊరుకోను.

బస్తాల్లోకి మార్చడంలో మరో చిక్కుంది. అదే పట్టికలో 10 ఆర్‌లకు 7 కిలోల నత్రజని వేస్తే 508, 9 కిలోలు వేస్తే 520 ఉన్నాయి. రెండింటి పక్కనా a అనే అక్షరం ఉంది. డంకన్ పరీక్ష ప్రకారం 5 శాతం స్థాయిలో వాటి మధ్య నమ్మదగ్గ తేడా లేదని దానర్థం. బస్తాల్లో చెబితే 38, 39 అవుతాయి. రైతు ఆ ఒక్క బస్తా కోసం ఎకరానికి మరో 18 కిలోల యూరియా వేస్తాడు. కాబట్టి a, b అక్షరాల్ని అ, ఆ లు చేయకుండా ఉంచి, కింద ఇలా రాయండి: "ఒకే అక్షరం ఉన్న దిగుబడుల మధ్య తేడా ఉన్నట్టు ఈ ప్రయోగంలో తేలలేదు." అనువాదకులు సాధారణంగా ఎగరగొట్టేది ఈ వాక్యాన్నే.

ఎరువును యూరియా బస్తాల్లో చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. 10 ఆర్‌లకు 9 కిలోల నత్రజని అంటే ఎకరానికి 36 కిలోలు, యూరియాలో 79 కిలోలు. 45 కిలోల బస్తాలు ఒకటీ ముప్పాతిక.

బొమ్మల కింది వాక్యాలకు పెద్ద కష్టం లేదు. కొరియన్ వాళ్ళు "నత్రజని వేసే మోతాదును అనుసరించి బియ్యం దిగుబడిలో మార్పు" అని సాగదీస్తారు. మాటల వరస మనదానిలాగే ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు దింపేయాలనిపిస్తుంది. "నత్రజని మోతాదును బట్టి బియ్యం దిగుబడి" చాలు.

ప్రింట్‌కి ఇచ్చే ముందు గ్రాఫ్ అసలు ఫైల్ అడిగి లేబుళ్ళు అందులోనే మార్చుకోండి. ఇమేజ్ మీద తెల్ల డబ్బా అతికించి రాస్తే తెలుగు ఒత్తులు గీతల మీదికి దిగిపోతాయి. ఇల్లస్ట్రేటర్ వాడితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. కొరియా ప్రింటింగ్ షాపుల్లో తెలుగు ఫాంట్ దొరకదు కాబట్టి పీడీఎఫ్‌లో ఫాంట్ ఎంబెడ్ చేసి పంపండి. వాళ్ళు ఇచ్చిన ప్రూఫ్‌లో ముందు "నత్రజని" అన్న మాట వెతికి, త కింద రావత్తు ఉందో లేదో చూడండి.