రెండు వాక్యాలు మిగిలితే చాలు

తమ్ముడూ,

తెల్లవారకముందే వీధిలో తిండి బండ్లు పెట్టుకునేవాళ్ల మీద నువ్వు తీస్తున్న డాక్యుమెంటరీ స్క్రిప్ట్ రాత్రే చదివా, పొద్దున లేచి ఇంకోసారి చదివా, ఈసారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి నీ వాయిస్ ఓవర్ మొత్తం గట్టిగా, మామూలు స్పీడ్‌లో. ఏడు నిమిషాల పైనే వచ్చింది. సినిమా పన్నెండు నిమిషాలు అంటున్నావు, అంటే చూసేవాడికి నిశ్శబ్దంగా చూడ్డానికి మిగిలింది ఐదు నిమిషాలు కూడా లేదు. పైగా కవర్ పేజీ మీద "అబ్జర్వేషనల్" అని రాశావు, అంటే మనం వివరించకుండా చూసేవాడినే గమనించనిచ్చే సినిమా. పరిశీలించే పనంతా నువ్వే చేసేసి వాడికి రిపోర్ట్ చదివి వినిపిస్తున్నావు కదరా.

మొదటి లైనే తీసుకుందాం. "ఊరంతా గాఢనిద్రలో మునిగి ఉన్న వేళ, ఆకలితో, చీకటితో పోరాడుతూ ఒక తల్లి బండిని తోసుకుంటూ వస్తుంది." స్క్రీన్ మీద ఏముంది? చీకటి ఉంది, బండి ఉంది, తోస్తున్న ఆవిడ ఉంది. కనిపిస్తున్నదాన్నే మళ్లీ చెప్పావు, కనిపించనిదేమో (ఆకలి, పోరాటం) నీ ఊహలోంచి తెచ్చి ఆవిడకి అంటగట్టావు. ఆవిడకి ఆ టైమ్‌లో ఆకలేస్తోందని నీకెవరు చెప్పారు? నువ్వు ఇచ్చిన రా ఫుటేజ్ చూశాను, ఆవిడ మొహంలో నాకు పోరాటం ఏం కనపళ్లేదు, తొందర కనిపించింది. ఆ తొందర ఎందుకో నీ పేజీల్లో ఎక్కడా లేదు, అసలు సినిమా అంతా అక్కడే ఉంది.

నువ్వు ఫోన్‌లో మాటవరసకి చెప్పావు గుర్తుందా, ఆ మూల దగ్గర ఎవరికీ పర్మనెంట్ చోటు లేదు, ఎవరు ముందొస్తే వాళ్లు లైట్ స్తంభం కింద పెట్టుకుంటారు, లేటైతే చీకట్లో అవతలికి పోవాల్సిందే అని. నేను అదే రాస్తా. మూడే మాటలు: "ముందొచ్చినోళ్లదే ఈ చోటు." చివర్లో క్రియ కూడా లేదు చూడు, తెలుగులో ఆ సుఖం ఉంది, వాడుకో. న్యూస్ బులెటిన్ లాగా "ఉంటుంది, వస్తుంది, జరుగుతుంది" అని ప్రతి వాక్యం చివర క్రియ పడితే ఎడిటర్‌కి ఆ తోక అయ్యేదాకా కట్ చేయడానికి ఉండదు.

ఇప్పుడు ఆ వాక్యం ఎక్కడ పెట్టాలి అన్నది రాయడం కన్నా కష్టం. నువ్వైతే బండి తోస్తున్న షాట్ మీద వేస్తావు, నాకు తెలుసు. వేస్తే చక్రం కీచుమనే సౌండ్ పోతుంది, అది నీ ఫుటేజ్‌లో ఉన్న గొప్ప సౌండ్లలో ఒకటి, రోడ్డు గరుకుగా ఉన్నచోట కీచు తగ్గి గడగడ వస్తోంది, వింటుంటే దూరం తెలుస్తోంది. ఆ నలభై సెకన్లు నోరెత్తకు. ఆవిడ వచ్చి స్తంభం కింద ఆగి, చక్రం కింద రాయి పెట్టి నడుం నిటారు చేస్తుంది చూడు, అక్కడ రెండు సెకన్లు ఏ సౌండూ లేదు. అక్కడ పెట్టు. తర్వాతి షాట్‌లో రెండో బండి వీధి మలుపు తిరుగుతుంది, ఆయన ఆగి, స్తంభం కేసి ఒకసారి చూసి, ఏం మాట్లాడకుండా బండిని అవతలి వైపు తిప్పుకుంటాడు. నీ డ్రాఫ్ట్‌లో ఆ షాట్ "మరో వ్యాపారి రాక" అని ఒక ముక్కలో పోయింది. ఇప్పుడదే సీన్ అయింది. తోసేటప్పటి తొందర ఎందుకో కూడా చూసేవాడికి వెనక్కి వెళ్లి తెలుస్తుంది. నేరేషన్ పని ఇదే, తర్వాత కనపడబోయేదానికి కళ్లు రెడీ చేయాలి, కనపడుతున్నదాన్ని వినిపించకూడదు.

అలాంటి చోటు ఇంకొక్కటే దొరికింది నాకు. పిండి కొలిచే షాట్. మూడు కొలతలు గబగబా పోసింది, నాలుగోది చేతిలో పట్టుకుని తలెత్తి ఆకాశం చూసింది, తిరిగి సంచిలో పోసేసింది. నువ్వు దీన్ని క్లోజప్‌లో చేతులు బాగున్నాయని ఉంచావు, ఆ తల ఎత్తడం ట్రిమ్ చేసేశావు (అయ్యో!). మబ్బు పట్టింది కదా ఆ రోజు, వానొస్తే జనం తక్కువ. "కలిపిన పిండి రేపటికి పనికిరాదు" అని ఒక్క వాక్యం, కొలత మొదలవడానికి పది పదిహేను సెకన్ల ముందు, ఆవిడ గిన్నెలు కడుగుతున్నప్పుడు చెప్పెయ్. నాలుగో కొలత దగ్గర మళ్లీ చెప్పక్కర్లేదు, చూసేవాడే లెక్క వేసుకుంటాడు. మబ్బు, వాన, నష్టం అనే మూడు మాటలూ నువ్వు పలకకూడదు. ఒకవేళ ఆవిడే పక్కాయనతో "ఇయ్యాల కొంచెమే కలిపినా" అన్న ముక్క నీ టేపుల్లో ఎక్కడైనా ఉంటే ఈ వాక్యం కూడా తీసెయ్, వాళ్ల నోట్లో ఉన్నది మన నోట్లో ఉండకూడదు.

ఏది ఉంచాలో ఏది తీయాలో తెలీకపోతే నేను చేసే పని ఒకటి చెప్తా. వాయిస్ ఓవర్ మొత్తం మ్యూట్ చేసి, ఆ విషయం గురించి ఏమీ తెలియని మనిషికి చూపించు. మధ్యలో ఆపకు, అయిపోయాక నువ్వేం అడగకు, వాళ్లు ఏం అడుగుతారో రాసుకో. "ఆయనెందుకు వెనక్కి తిరిగాడు?" అని అడిగితే అది నేరేషన్ అడుగుతున్న చోటు. "బాగుంది, పాపం" అంటే మాత్రం కంగారుపడు, ఏమీ చూడలేదని అర్థం.

టైమ్ గురించి నువ్వు నాలుగు చోట్ల చెప్పావు, "ఇంకా గంట ఉంది", "తెల్లవారబోతోంది" అని. అన్నీ కొట్టేశా. ఆకాశం చెప్తుంది అది. మొదట్లో ఒక్కసారి స్క్రీన్ మీద 3:40 అని అంకెలు వెయ్, చాలు. కానీ ఆకాశాన్ని గడియారంగా నమ్ముకుంటే స్క్రిప్ట్‌లో జాగ్రత్త పడాలి. సూర్యుడు హొరైజన్‌కి 6 డిగ్రీలు కిందున్నప్పటి నుంచి పైకొచ్చేదాకా ఉండే ఆ నీలం వెలుతురు భూమధ్యరేఖ దగ్గరైతే ఇరవై నిమిషాల పైచిలుకు అంతే, అక్కణ్ణించి దూరం పోయేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. బండి మీద బల్బూ వెనకాల ఆకాశమూ రెండూ ఒకే షాట్‌లో బాగా పడేది ఆ కాసేపే, పొద్దునకి ఒక్కసారే. నువ్వు రెండు పొద్దులు షూట్ చేసి కలిపేశావు, అందుకే ఐదో సీన్‌లో ఆకాశం నీలంగా ఉండి ఆరో సీన్‌లో మళ్లీ నల్లగా అయిపోయింది. మాటలు ఎక్కువున్న సినిమాలో ఇది ఎవరూ పట్టించుకోరు, మాటల్లేకపోతే వెంటనే దొరికిపోతాం. స్క్రిప్ట్ పేజీలో ఎడమ కాలమ్‌లో విజువల్ రాసేటప్పుడు ప్రతి సీన్ పక్కన చీకటి, నీలం, వెలుతురు అని ఒక్క ముక్క రాసుకో, ఆ వరస తప్పకుండా పేర్చు. కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టినట్టున్నావు, ఒకే షాట్‌లో రంగు మారుతోంది, వచ్చేసారి లాక్ చెయ్యమని కెమెరా అబ్బాయికి చెప్పు.

కుడి కాలమ్ సౌండ్‌ది. నీ దాంట్లో అక్కడ వాయిస్ ఓవర్ తప్ప ఏం లేదు, కింద చిన్నగా "ఆంబియన్స్" అని. ఏ ఆంబియన్స్? స్టవ్ పంపు కొట్టే సౌండ్, అగ్గి అందుకోగానే భుగ్గుమని తర్వాత సన్నగా మారే బర్నర్ మోత, కత్తి చెక్క మీద పడే లెక్క, ఇవన్నీ రాయి, ఎన్ని సెకన్లో రాయి. ఫ్రెడరిక్ వైజ్‌మన్ నేరేషన్ లేకుండా సినిమాలు తీసినాయన, షూటింగ్‌లో కెమెరా వేరేవాళ్లకిచ్చి సౌండ్ తనే పట్టుకునేవాడు, ఎందుకో నాకు చాలా లేటుగా అర్థమైంది.

బర్నర్ మోతతో ఒక చిక్కుంది. అది ఆగకుండా ఒకే తీరుగా మోగుతుంది కాబట్టి రెండు షాట్లు అతికిస్తే అతుకు దగ్గర సౌండ్ ఠక్కున మారుతుంది, కళ్లు మూసుకున్నా కట్ తెలిసిపోతుంది. నా మొదటి సినిమాలో ఇలాంటివి ఒకటా రెండా, ఆ అతుకుల్ని కప్పడానికే అక్కడక్కడా నేరేషన్ రాశా, నిజం చెప్తున్నా, అర్థం కోసం కాదు. ఎవరో మెచ్చుకున్నారు కూడా ఆ లైన్లని! మందు చాలా సులువు, ప్రతి బండి దగ్గర స్టవ్ వెలిగాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉత్త సౌండ్ రికార్డ్ చేసుకుంటే దాన్ని అతుకు కింద పరుచుకోవచ్చు.

ఇంకోటి, నీ స్క్రిప్ట్‌లో షూటింగ్‌కి ముందు రాసిన పేజీలు చూశా. "ఆమె కొంగుతో కన్నీళ్లు తుడుచుకుంటుంది" అని ఉంది. ఉల్లిపాయలకా, బాధకా? జరగనిది ముందే రాసుకుంటే షూటింగ్‌లో అది జరిపించాలనిపిస్తుంది. నేనూ చేశా ఆ పని. ఒకాయన స్టవ్ వెలిగించడం మిస్సయ్యామని ఆర్పి మళ్లీ వెలిగించమన్నా. పాపం వెలిగించాడు, పుల్ల గీసి, మా కెమెరాకి కనపడేలా చెయ్యి కొంచెం పక్కకి పెట్టి మరీ. మొదటిసారి చూడకుండా చేసిన చెయ్యి రెండోసారి చూసి చేసింది. ఆ షాట్ పనికిరాలేదు, పైగా ఆయన గ్యాసూ టైమూ పోయాయి. షూటింగ్‌కి ముందు ప్రశ్నలు మాత్రమే రాసుకెళ్లు. ముందు ఎవరొస్తారు, చోటు ఎలా తేలుతుంది, నీళ్లు ఎక్కణ్ణించి, ఎంత కలపాలో ఎలా డిసైడ్ అవుతారు. జవాబులు కెమెరాకి దొరికితే అదే స్క్రిప్ట్, షూట్ అయ్యాక ఫుటేజ్ మొత్తం ఏ షాట్‌లో ఏముందో లాగ్ చేసుకుని రాసేది.

అన్నట్టు, ఆ రెండో బండి ఆయన్ని అడిగావా, మొహం కనపడితే ఇబ్బంది లేదా అని? అనుమతి లేకుండా అమ్ముకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, నీ సినిమా చూసి రేపు ఎవరో వచ్చి బండి ఎత్తుకెళ్తే ఆ చోటు ఎవరిదీ కాదు ఇక. ఆవిడనీ ఆయన్నీ ఇద్దర్నీ కూర్చోబెట్టి ఎడిట్ చూపించాకే బయటపెట్టు.

చివరి పేరా, సూర్యోదయం మీద నీ కవిత, తీసేశా, తిట్టుకో పర్లేదు. బోణీ అయింది కదా, ఎవరో చెయ్యి చాపారు, ఆవిడ చిల్లర ఇచ్చింది, స్తంభం లైట్ దానంతటదే ఆరిపోయింది. లైట్ ఆరాక ఇంకో మూడు సెకన్లు ఉంచి కట్ చేస్తే అయిపోతుంది, కానీ నీ ఫైల్‌లో ఆ షాట్ లైట్ ఆరగానే ఆగిపోయింది, మొత్తం క్లిప్ నీ దగ్గర ఉందా? ఉంటే ఈ రాత్రికి పంపు, రెండో రోజు సౌండ్ ఫైల్స్ కూడా.

— అన్న