వార్షికోత్సవ స్వాగత ప్రసంగం అందరికీ చేరాలంటే

“మా ఎండీ గారికి స్వాగత ప్రసంగం రాసిచ్చాను. ఆఫీసు వారికి నచ్చింది కానీ ప్లాంటు కార్మికులకు, వారి కుటుంబాలకు పట్టదంటున్నారు. ఎలా మార్చాలి?”

స్వాగతంలో వార్షిక నివేదిక కలిసిపోయి ఉండడమే బహుశా కారణం. టర్నోవరు, కొత్త ఆర్డర్ల వివరాలను నివేదిక చదివేవారికి వదిలేస్తే ప్రసంగం రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

1. ముందుగా ముఖ్య అతిథిని, వెంటనే కుటుంబ సభ్యులను, ఆపై సిబ్బందిని ఆహ్వానించండి. అతిథి పరిచయం వేరొకరు చేస్తారు కనుక ఇక్కడ పేరు, హోదా చాలు.

2. చాలామంది మరచిపోయేది ఇదే: సిబ్బందిని హోదాలను బట్టి కాక పనులను బట్టి పిలవాలి, ఆ సమయానికి డ్యూటీలో ఉండి సభకు రాలేనివారిని కూడా తలచుకోవాలి. షిఫ్టు ఇన్‌చార్జిని ముందురోజే అడిగి, ఎవరెవరు ఎక్కడ ఉంటారో రాసుకుని ఇలా చెప్పించండి:

“యంత్రాల దగ్గర, స్టోర్సులో, లెక్కల విభాగంలో, క్యాంటీన్‌లో పనిచేసే మీ అందరికీ, మిమ్మల్ని రోజూ పనికి సాగనంపే మీ ఇంటివారికీ స్వాగతం. ఇప్పుడు బాయిలర్ దగ్గర, గేటు దగ్గర డ్యూటీలో ఉన్నవారి వల్లే మనం ఇక్కడ కూర్చోగలిగాం. వారికి మన చప్పట్లు వినిపించాలి.”

కాంట్రాక్టు కార్మికులను విడిగా పేర్కొనకండి; ఆ గీత వేదిక మీద అనవసరం.

3. ఆ తర్వాత ఈ ఏడాది ప్లాంటులో అందరూ చూసిన ఒక మార్పును ఒకే వాక్యంలో చెప్పి, కార్యక్రమాన్ని వ్యాఖ్యాతకు అప్పగించమనండి.