సైమన్ సర్క్యూట్ నడుస్తోంది కానీ నేను పెట్టిన రహస్యం కనబడట్లేదు!

ప్రశ్న: సైమన్ అల్గారిథం అనే క్వాంటం అల్గారిథం నేర్చుకుందామని క్విస్కిట్ లైబ్రరీలో మూడు బిట్ల సర్క్యూట్ కట్టాను. రహస్య స్ట్రింగ్ 110 పెట్టాను. సిమ్యులేటర్‌లో 1000 సార్లు రన్ చేస్తే 000, 011, 100, 111 మాత్రమే వస్తున్నాయి, నాలుగూ ఇంచుమించు సమానంగా. 110 ఒక్కసారి కూడా రాలేదు. సర్క్యూట్ తప్పుగా కట్టానా? పైగా మా ఫ్రెండ్ ఇదే పని మామూలు ఫర్ లూప్‌తో క్షణంలో చేసి చూపించాడు. మరి అందరూ చెప్పే ఎక్స్‌పొనెన్షియల్ తేడా ఎక్కడుంది?

జవాబు: టెన్షన్ పడకండి, సర్క్యూట్ సరిగ్గానే ఉంది. ఇందులో రెండు విషయాలు కలగాపులగం అయ్యాయి. చిన్నది ముందు చూద్దాం. క్విస్కిట్ ఫలితాన్ని చివరి క్యూబిట్ నుంచి మొదటి క్యూబిట్ వైపు రాసి చూపిస్తుంది. మీరు సున్నా నంబరు క్యూబిట్‌ని మొదటి బిట్ అనుకున్నారు, అది మాత్రం దాన్ని కుడి చివర పెడుతుంది. కాబట్టి ప్రతి ఫలితాన్నీ తిరగేసి చదవాలి:

```
y = bits[::-1]
```

తిరగేస్తే మీ నాలుగూ 000, 110, 001, 111 అవుతాయి. అదిగో 110 వచ్చేసింది కదా అని సంబరపడకండి, అది కాకతాళీయం. అసలు విషయం ఇక్కడే ఉంది: ఈ సర్క్యూట్ రహస్యాన్ని ఎప్పుడూ నేరుగా చూపించదు. ఒక్కో రన్‌కి రహస్యం గురించి ఒక్కో సమీకరణం ఇస్తుంది, అంతే. రహస్యాన్ని s అని, వచ్చిన ఫలితాన్ని y అని అనుకుంటే, రెండింటిలోనూ 1 ఉన్న స్థానాలు ఎన్నో లెక్కపెట్టండి. ఆ సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే అయి ఉంటుంది. 110లో రెండు ఒకట్లు ఉన్నాయి కాబట్టి తనతో తనకే ఆ షరతు కుదిరింది, అందుకే జాబితాలో కనబడింది. మీరు s = 100 పెట్టి ఉంటే, బిట్లు తిరగేసినా సరే, 100 ఎన్నటికీ వచ్చేది కాదు.

ఇది ఎందుకు జరుగుతుందో మీ సర్క్యూట్ మీదే చూద్దాం. ఈ సర్క్యూట్‌లో s ని లోపల దాచుకున్న ఫంక్షన్ ఒకటి ఉంటుంది, దాన్ని f అందాం. దాన్ని కట్టడానికి అందరూ వాడే తేలిక పద్ధతి, ఇన్‌పుట్‌ని అవుట్‌పుట్‌లోకి కాపీ చేసి, s లో 1 ఉన్న మొదటి స్థానంలో ఇన్‌పుట్ బిట్ కూడా 1 అయితే అవుట్‌పుట్‌కి s ని ఎక్సార్ చేయడం. s = 110 కి అది ఇలా ఉంటుంది:

```
for i in range(3):
    qc.cx(i, 3 + i)
qc.cx(0, 3)
qc.cx(0, 4)
```

లెక్క వేసి చూడండి: 000, 110 రెండింటికీ జవాబు 000. 010, 100 లకి 010. 001, 111 లకి 001. 011, 101 లకి 011. ప్రతి జవాబూ సరిగ్గా రెండు ఇన్‌పుట్ల నుంచి వస్తోంది, ఆ రెండింటినీ ఎక్సార్ చేస్తే ప్రతిసారీ 110 వస్తోంది. ఇదే సైమన్ సమస్యలో ఇచ్చే హామీ.

మొదటి వరస హాడమార్డ్ గేట్లు ఎనిమిది ఇన్‌పుట్లనూ సమానంగా కలిపిన సూపర్‌పొజిషన్‌ని తయారుచేస్తాయి, తర్వాత ఒరాకిల్, అంటే f ని లెక్కించే పై భాగం, వాటన్నిటికీ జవాబులు జతచేస్తుంది. ఇప్పుడు అవుట్‌పుట్ క్యూబిట్లను కొలిస్తే 010 వచ్చిందనుకుందాం (కొలవకపోయినా తుది ఫలితం మారదు, అర్థం చేసుకోవడానికి ఇలా చూడటం సులువు). ఇన్‌పుట్ వైపు 010, 100 మాత్రమే మిగులుతాయి, రెండూ సమానంగా. ఆ రెండూ ఒకేసారి తెలిస్తే రహస్యం చేతికొచ్చినట్టే, కానీ అక్కడే కొలిచేస్తే వాటిలో ఏదో ఒకటే దక్కుతుంది, రెండోది పోతుంది. మళ్లీ రన్ చేస్తే అదే జత పడుతుందన్న భరోసా లేదు. బిట్లు ఎక్కువగా ఉంటే దాదాపు ఖాయంగా వేరే జతే పడుతుంది. అంటే ఏమీ మిగల్లేదన్నమాట.

అందుకే కొలవకుండా రెండోసారి హాడమార్డ్ వేస్తారు. ఇప్పుడు ప్రతి y కీ రెండు వాటాలు వస్తాయి, ఒకటి 010 నుంచి, ఒకటి 100 నుంచి. ఒక్కో వాటాకీ ప్లస్సో మైనస్సో గుర్తు ఉంటుంది. ఆ ఇన్‌పుట్‌లోనూ y లోనూ ఉమ్మడిగా ఉన్న ఒకట్లు బేసి సంఖ్య అయితే మైనస్, సరి సంఖ్య అయితే ప్లస్. y = 011 తీసుకోండి. 010 తో ఒకటి ఉమ్మడి, మైనస్. 100 తో ఏమీ లేదు, ప్లస్. రెండూ కొట్టేసుకుంటాయి కాబట్టి 011 ఎప్పటికీ రాదు (తిరగేసి చదివిన 011 సంగతి చెప్తున్నాను). y = 111 కి రెండు వాటాలూ మైనస్సే, కలిసి బలపడతాయి. ఇందులో గమనించాల్సిందేమిటంటే, రెండు వాటాల గుర్తులు ఒకటేనా వేరా అన్నది ఆ రెండు ఇన్‌పుట్ల తేడా మీద, అంటే s మీద మాత్రమే ఆధారపడింది. 010–100 జత బదులు 011–101 జత పడి ఉన్నా అవే నాలుగు y లు మిగిలేవి. ఏ జత పడిందన్న సమాచారం మొత్తానికి ముందుండే గుర్తులోకి వెళ్లిపోతుంది, కొలతలో అది కనబడదు. కాబట్టి ఏ రన్‌లో ఏ జత పడినా మనకు పట్టింపు లేదు. ప్రతి రన్నూ ఒకే s గురించి చెబుతుంది. నా దృష్టిలో అల్గారిథం మొత్తం ఈ ఒక్క కిటుకులోనే ఉంది. ‘అన్ని ఇన్‌పుట్లనూ ఒకేసారి లెక్కిస్తుంది’ అన్న ప్రచారం వల్ల మాత్రం ఏదీ అర్థం కాదు.

ఇక రహస్యాన్ని బయటికి లాగుదాం. మీకు వచ్చిన వాటిలో 000 ఏమీ చెప్పదు, పక్కన పడేయండి. 001 అంటే s మూడో బిట్ 0. 111 అంటే మూడు బిట్లనూ ఎక్సార్ చేస్తే 0, అంటే మొదటి రెండు బిట్లూ ఒకటే. మిగిలినవి 000, 110. f(000), f(110) అడిగి చూడండి, సమానమైతే s = 110, కాకపోతే f వన్-టు-వన్ ఫంక్షన్, రహస్యమే లేదు. ఈ చివరి చెక్ ఎప్పుడూ వదలొద్దు. బిట్లు తిరగేయకుండా లెక్కిస్తే s = 011 అని వస్తుంది, కానీ f(000) = 000, f(011) = 011, రెండూ వేరు కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

దీనికి 1000 రన్లు అక్కర్లేదు. n బిట్ల రహస్యానికి ఒకదానిలోంచి ఒకటి రాని n–1 సమీకరణాలు చాలు, వాటిని గాస్ ఎలిమినేషన్‌తో, కూడికల బదులు ఎక్సార్ వాడి సాధించాలి. మీ మూడు బిట్ల కేసులో సరిగ్గా రెండు రన్లతో పని అయిపోయే అవకాశం 3/8. n పెద్దదైతే n–1 రన్లతోనే సరిపోయే అవకాశం సుమారు 29 శాతం. అదనంగా పది రన్లు వేసుకుంటే విఫలమయ్యే అవకాశం వెయ్యిలో ఒకటికన్నా తక్కువకి పడిపోతుంది, n ఎంత పెద్దదైనా సరే.

మీ ఫ్రెండ్ లూప్ దగ్గరికి వద్దాం. మూడు బిట్లకి ఉన్నవే ఎనిమిది ఇన్‌పుట్లు, క్షణంలో అవుతుంది మరి. 128 బిట్లకి అదే చేయమనండి. మామూలు కంప్యూటర్ f ని ఎన్నిసార్లు అడిగినా, ఒకే జవాబు ఇచ్చే రెండు ఇన్‌పుట్లు దొరికేదాకా దానికి తెలిసేది ఒకటే: ఇప్పటివరకు అడిగిన ఏ రెండింటి ఎక్సారూ s కాదు. q ప్రశ్నలు అడిగితే q(q–1)/2 జతలు, ఒక్కో జత మహా అయితే ఒక్క అభ్యర్థిని కొట్టేస్తుంది. కొట్టేయాల్సిన అభ్యర్థులు సుమారు 2^128. అంటే q దాదాపు 2^64 స్థాయికి చేరాల్సిందే, యాదృచ్ఛికంగా అడిగినా, ముందు జవాబులు చూసుకుంటూ తెలివిగా అడిగినా ఇందులో తప్పించుకునే దారి లేదు. సెకనుకి వంద కోట్ల ప్రశ్నలు వేసినా 2^64 ప్రశ్నలకి సుమారు 585 ఏళ్లు. క్వాంటం సర్క్యూట్‌కి 127 రన్లు, అదనంగా పది, చివరి చెక్‌కి రెండు ప్రశ్నలు.

చాలాచోట్ల ‘క్లాసికల్‌గా కచ్చితమైన జవాబు కావాలంటే సగానికన్నా ఒకటి ఎక్కువ, అంటే 2^127 + 1 ప్రశ్నలు కావాలి’ అని రాసేస్తుంటారు. అది అనవసరపు అతిశయోక్తి. ఎడమ సగం అంతా సున్నాలున్న ఇన్‌పుట్లన్నీ, కుడి సగం అంతా సున్నాలున్న ఇన్‌పుట్లన్నీ అడిగితే చాలు, ఎందుకంటే ఏ s నైనా ఈ రెండు గుంపుల నుంచి చెరొకటి తీసి ఎక్సార్ చేసి రాయొచ్చు. 2^65 లోపే కచ్చితంగా తేలిపోతుంది. తేడా అప్పుడూ ఎక్స్‌పొనెన్షియలే, కానీ సరైన సంఖ్య 2^(n/2) స్థాయిది.

ఈ తేడా ప్రశ్నల లెక్కలోది అన్న సంగతి మాత్రం మర్చిపోకండి. f అనేది లోపల ఏముందో తెలియని డబ్బా అయితేనే పై వాదన నిలబడుతుంది. మీ సర్క్యూట్ నాకు చూపిస్తే చివరి రెండు సీనాట్ గేట్లను చూసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా s = 110 అని చెప్పేస్తాను. కాబట్టి ఇది క్వాంటం కంప్యూటర్లు అన్ని పనుల్లోనూ వేగం అనడానికి రుజువు కాదు. మరి దీని విలువేంటంటే, 1992 నాటి డాయిచ్–జోసా సమస్యలో క్లాసికల్ కంప్యూటర్‌కి ఇసుమంత తప్పు చేసే వెసులుబాటు ఇస్తే కొద్దిపాటి ప్రశ్నలతోనే గట్టెక్కేస్తుంది. డేనియల్ సైమన్ 1994లో ఆ వెసులుబాటు ఇచ్చినా ఎక్స్‌పొనెన్షియల్ తేడా మిగిలే సమస్యను చూపించాడు. పీటర్ షోర్ అదే ఏడాది ప్రకటించిన ఫ్యాక్టరింగ్ అల్గారిథంలోనూ ఇదే ఆలోచన ఉంది, అక్కడ ఎక్సార్ బదులు మామూలు కూడికతో వచ్చే పీరియడ్‌ని వెతుకుతారు, అంతే.

లోపలి సంగతి నిజంగా దాచిపెట్టిన డబ్బా ఎక్కడైనా ఉందా అంటే, ఎన్‌క్రిప్షన్‌లో ఉంది. ఈవెన్–మన్సూర్ అనే సైఫర్‌లో E(x) = P(x ⊕ k1) ⊕ k2, ఇందులో ⊕ అంటే ఎక్సార్, P అందరికీ తెలిసిన ఫంక్షనే, k1, k2 రహస్యాలు. f(x) = E(x) ⊕ P(x) అని తీసుకుని x బదులు x ⊕ k1 పెట్టండి, రెండు పదాలూ స్థానాలు మార్చుకుంటాయి, విలువ మారదు. అంటే f పీరియడే k1! కువకాడో, మోరీ 2012లో చూపించిన దాడి ఇదే. కాకపోతే E ని నడిపే యంత్రం సూపర్‌పొజిషన్‌లో ఉన్న ఇన్‌పుట్ తీసుకుని సూపర్‌పొజిషన్‌లోనే జవాబివ్వాలి. మామూలు సర్వర్ బిట్లు తీసుకుని బిట్లు ఇస్తుంది, దాని మీద ఈ దాడి ఇలాగే పనిచేయదు.

మీరు ముందుకెళ్లి కాస్త క్లిష్టమైన f కట్టినప్పుడు ఎనిమిది ఫలితాలూ సమానంగా వస్తే మూడు కారణాలు అనుమానించండి. రెండో వరస హాడమార్డ్ మర్చిపోయి ఉండొచ్చు. f నిజంగానే వన్-టు-వన్ అయి ఉండొచ్చు. లేదా మధ్యలో వాడిన అదనపు క్యూబిట్లను తిరిగి సున్నాకి తేకుండా వదిలేసి ఉండొచ్చు. ఎక్కువగా జరిగేది ఈ మూడోదే. ఆ మిగులు క్యూబిట్లలో ఇన్‌పుట్ జాడ ఉండిపోతే, జతలోని రెండు వాటాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోలేవు.

నిజమైన క్వాంటం హార్డ్‌వేర్ మీద నడిపితే ఇంకో చిక్కు ఉంటుంది, నాయిస్ వల్ల రాకూడని y లు కూడా అప్పుడప్పుడు వస్తాయి. అలాంటిది ఒక్కటి సమీకరణాల్లో చేరినా అవి s = 000 తప్ప వేరే జవాబు లేదంటాయి, లేదా తప్పు s ని చూపిస్తాయి. మూడు బిట్లకైతే ఎక్కువ రన్లు వేసి, అరుదుగా వచ్చేవాటిని తీసేయొచ్చు. బిట్లు పెరిగేకొద్దీ సరైన y లు కూడా ఒక్కోటి ఒక్కసారికి మించి రావు కాబట్టి ఆ ఉపాయం పనిచేయదు.