ఫొటోలోంచి కూలర్ తీసేయడానికి అంత టైమ్ ఎందుకని అడిగిన క్లయింట్‌కు నేను రాసిన ఉత్తరం

ప్రశ్న: పెళ్లి ఫొటోలు తీస్తుంటాను. ఒక ముఖ్యమైన ఫొటోలో అడ్డంగా ఉన్న పెద్ద స్పీకర్ బాక్స్ తీసేయమని క్లయింట్ అడిగారు. దానికి వేరే టైమ్, వేరే చార్జీ పడుతుందంటే "మా పిల్లాడు ఫోన్‌లో రెండు సెకన్లలో తీసేస్తాడు" అంటున్నారు. ఆయన నొచ్చుకోకుండా ఎలా రాయాలి?

జవాబు:

ముందు ఒక మాట. ఫోన్‌లో పోతుందన్నది అబద్ధం కాదు, ఫోన్ స్క్రీన్ మీద నిజంగానే పోతుంది. కాబట్టి ఆయనతో అక్కడ వాదనకు దిగొద్దు. ఆ వస్తువు వెనక ఏముందో, ఆ ఫొటో ఎంత సైజులో ప్రింట్ అవుతుందో ఈ రెండూ చెప్తే మిగతాది ఆయనకే అర్థమవుతుంది. నాకు ఇలాంటిదే ఎదురైనప్పుడు రాసిన ఉత్తరం కింద పెడుతున్నాను. తణుకు దగ్గర మే నెలలో పెళ్లి, ఏసీ లేని కల్యాణ మండపం, పెళ్లికూతురి నాన్నగారు రిటైరైన టీచరు. మూడుముళ్ల ఫొటోలో కుడివైపు నిలువెత్తు ఎయిర్ కూలర్ పడింది. ఫొటోను వాట్సాప్‌లో పంపి, కూలర్ చుట్టూ ఎర్ర గీత గీసి, దాంతో పాటు ఇది రాశాను.

"మాస్టారూ, నమస్కారం.

మూడుముళ్ల ఫొటోలో కూలర్ తీసేసి 20×30 అంగుళాల ఫ్రేమ్ కట్టించమన్నారు. తప్పకుండా చేస్తాను. కాకపోతే దానికి దాదాపు అయిదు గంటల పని ఉంది, అది ఆల్బమ్ ప్యాకేజీలో రాదు, ఎందుకో మీకు చెప్పి మొదలుపెడదామని రాస్తున్నాను.

ఆ ఫొటోలో మామ్మగారు కుర్చీలో కూర్చుని అక్షింతలు వేస్తున్నారు కదా, ఆవిడకు ఉక్కపోస్తోందనే మీవాళ్లు కూలర్‌ను అక్కడికి జరిపారు. సరిగ్గా ముహూర్తం వేళ అది జరపండి, ఇది తీయండి అనే వీలుండదని మీకూ తెలుసు. నేను రెండడుగులు ఎడమకు జరిగి ఇంకో ఫొటో కూడా తీశాను కానీ అప్పటికి మామ్మగారి చెయ్యి దిగిపోయింది, అబ్బాయి తల అడ్డొచ్చింది. మీరు కోరుకున్న ఫొటో మొదటిదే, అందులో సందేహం లేదు.

గోడ మీద క్యాలెండర్ తీసేస్తే వెనక గోడ కనిపిస్తుంది. ఫొటోలో అలా కాదు మాస్టారూ, కూలర్ వెనక ఏముందో కెమెరా చూడనే లేదు. తీసేస్తే అక్కడ మిగిలేది ఖాళీ, ఆ ఖాళీలో ఉండాల్సినవన్నీ నేను మళ్లీ కట్టాలి. ఏమేం కట్టాలంటే, మామ్మగారి చీర మోకాళ్ల నుంచి కింది వరకు, ఆవిడ కుర్చీకి ఒక పక్క, బంతిపూల దండలు చుట్టిన మండపం స్తంభం, అక్షింతలు పడిన ఎర్ర తివాచీ.

అమ్మాయి బుగ్గ మీద మొటిమ తీసినప్పుడు నేను డబ్బులడగలేదు, ఎందుకంటే పక్కనున్న చర్మం రంగు తెచ్చి దాని మీద అద్దితే అర నిమిషంలో అయిపోతుంది. వెనకాల వేలాడిన వైరు కూడా అంతే. కూలర్ అలా కాదు. ఈ ఫొటో అడ్డం 6000 చుక్కలు, నిలువు 4000 చుక్కలు. అందులో కూలర్ ఒక్కటే దాదాపు 1100 వెడల్పు, 2000 ఎత్తు ఆక్రమించింది. మీ ఫోన్‌లో అది అర అంగుళం వెడల్పు, అంగుళం లోపు ఎత్తు కనిపిస్తుంది, అక్కడ ఏం పూసినా కంటికి ఆనదు. మీరు హాల్లో తగిలించబోయే ఫ్రేమ్‌లో అదే జాగా అయిదున్నర అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తు అవుతుంది. చుట్టాలొచ్చి దగ్గరగా నిలబడి చూసేది కూడా మామ్మగారినే.

ఫోనైనా, నా కంప్యూటర్లో ఉన్న ఆటోమేటిక్ పద్ధతైనా చుట్టుపక్కల ఉన్నది చూసి ఖాళీని నింపేస్తుంది. అది కూడా చేసి చూశాను, మీకు పంపిన రెండో ఫొటో అదే. వేళ్లతో పెద్దది చేసి చూడండి. చీర జరీ అంచు మోకాలి దగ్గర మొదలై మధ్యలో తివాచీలో కలిసిపోయింది, బంతిపూల దండ స్తంభం దిగి కుర్చీ మీదకి వచ్చింది. తివాచీ మీద అక్షింతల గుంపు ఒకటి అచ్చం అదే ఆకారంలో మూడుచోట్ల ఉంది, ఒకసారి కనిపెట్టాక ఇక కన్ను అక్కడికే పోతుంది.

అసలు పని ఇలా ఉంటుంది. కూలర్ కెమెరాకు దగ్గరగా ఉండటం వల్ల దాని అంచు మసగ్గా పడింది, ఆ మసకలో కూలర్ తెలుపు, చీర ఆకుపచ్చ కలిసిపోయాయి. అందుకని కూలర్ గీత వరకే కోస్తే చుట్టూ తెల్లటి పొగలాంటి అంచు మిగులుతుంది, గీత దాటి చీరలోకి కొంచెం లోపలికి కోసుకోవాలి. తర్వాత స్తంభం, తివాచీ. ఇవి నేను ఎడమకు జరిగి తీసిన ఫొటోలో దొరుకుతాయి కానీ అది రెండడుగుల పక్కనుంచి తీసింది కాబట్టి స్తంభం కాస్త వేరే కోణంలో ఉంది, దాన్ని వంచి, సాగదీసి ఈ ఫొటోలో గీతలకు కలపాలి.

ఎక్కువ సేపు పట్టేది చీర. మామ్మగారు అదే చీరలో పొద్దున గౌరీపూజ దగ్గర కూర్చున్న ఫొటో ఉంది, జరీ అంచు అందులోంచి తెస్తాను. అయితే అది కిటికీ వెలుగులో తీసింది, రంగు నీలంగా ఉంటుంది. మండపంలో పసుపు లైట్లు, పైన నా ఫ్లాష్. రెండూ ఒకే చీరలా కనిపించే దాకా రంగు దిద్దాలి, అంచు మీద ఉన్న మామిడిపిందె డిజైను మడత దగ్గర విరగాల్సిన చోట విరిగేలా ఒక్కో మడతా కూర్చాలి.

ఇంకోటి ఉంది, చాలామంది గమనించరు. కూలర్ తీసేసినా అది వదిలిన గుర్తులు పోవు. తివాచీ మీద దాని నీడ పీటల దాకా పడింది. ఆ తెల్ల ప్లాస్టిక్ మీద నా ఫ్లాష్ తగిలి మామ్మగారి మోచేతి కింద ఒక తెల్లటి వెలుగు పడింది. ఇవి అలాగే ఉంచితే ఎక్కడ తేడా ఉందో చెప్పలేరు గానీ ఫొటోలో ఏదో తేడా ఉందని మాత్రం అనిపిస్తుంది. చివరగా, మండపంలో వెలుతురు తక్కువ కాబట్టి ఫొటో అంతటా సన్నటి ఇసుక పోసినట్టు గరుకు ఉంటుంది, కొత్తగా కట్టిన జాగా నున్నగా ఉంటే అతుకు పట్టుబడుతుంది, అక్కడ కూడా అంతే గరుకు వెయ్యాలి.

గంటకు 400 చొప్పున అయిదు గంటలకు 2000 అవుతుంది. గంటలు పెరిగినా మీ దగ్గర అంతకు మించి తీసుకోను. నాలుగు రోజుల టైమ్ ఇవ్వండి. పూర్తయ్యాక ఫ్రేమ్ కట్టేముందు ఆ భాగం వరకు ఒక చిన్న ప్రింట్ తీసి ఇంటికి పంపుతాను, చూసి సరే అంటేనే పెద్దది వేయిస్తాను.

నేను చేయలేనిది కూడా చెప్పాలి. మామ్మగారి కుడి పాదం పూర్తిగా కూలర్ వెనకే ఉంది. వేరే ఫొటోలోంచి పాదం తెచ్చి అతికించడం నాకు ఇష్టం లేదు, చీర కుచ్చిళ్లతో కప్పేస్తాను.

అదే కూలర్ ఇంకో పదకొండు ఫొటోల్లో ఉంది. ఒకదానిలో చేసిన పని ఇంకోదానికి పనికిరాదు, ప్రతి దాంట్లో కోణం వేరు, మనుషులు వేరు. వాటిలో ఎనిమిది పక్కనుంచి కత్తిరిస్తే సరిపోతుంది, దానికి ఏమీ ఇవ్వక్కర్లేదు. మిగతా మూడు ఆల్బమ్‌లో చిన్నగా పెడదాం.

మీరు ఊఁ అంటే రేపు మొదలుపెడతాను."

ఆయన ఆ సాయంత్రమే ఫోన్ చేసి ముందు అడిగింది డబ్బు గురించి కాదు, "ఆ అక్షింతలు మూడుచోట్ల ఒకేలా ఉన్నాయయ్యా, నేనే పట్టుకున్నా" అన్నారు. చీర దగ్గర నేను అనుకున్నదానికంటే ఎక్కువ సేపే పట్టింది కానీ ముందే చెప్పిన మాట ప్రకారం 2000 మాత్రమే తీసుకున్నాను.

ఇప్పుడు మీ స్పీకర్ బాక్స్ సంగతి. ఫొటోను కంప్యూటర్లో నూరు శాతం సైజులో తెరిచి చూడకుండా రేటు చెప్పొద్దు, వస్తువు ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కూడా చెప్పొద్దు. వెనక సాదా తెర గుడ్డ ఉండి, మనుషులెవరికీ తగలకుండా ఉంటే మనిషంత స్పీకరైనా పావుగంటలో పోతుంది, దానికి చార్జీ వేస్తే నేనైతే సిగ్గుపడతాను. అదే స్పీకర్ ఎవరి చేతికో, పట్టుచీరకో, గళ్ల తివాచీకో తగిలిందంటే గంటల్లోకి పోతుంది. ముఖంలో సగం దాని వెనక ఉంటే మాత్రం ఒప్పుకోకండి, ఎంత డబ్బిచ్చినా అది ఆ మనిషి ముఖం కాదు.

వస్తువు లేకుండా తీసిన ఫొటో ఇంకోటి ఉందేమో కార్డంతా వెతకండి. కరెంటు పోయినప్పుడు తీసింది, పొరపాటున నొక్కింది, వీడియోవాళ్ల దగ్గర ఉన్నది కూడా అడగండి. వీడియో ఫ్రేమ్ చుక్కలు తక్కువ, నేరుగా అతికించడానికి పనికిరాకపోవచ్చు గానీ వెనక అసలు ఏముందో తెలుస్తుంది, ఊహించి కట్టడం కంటే అది వంద రెట్లు నయం.

ఆటోమేటిక్‌గా వచ్చిన ఫలితాన్ని కూడా ఆయనకు పంపండి. చాలామంది అది దాచేసి "అలా కుదరదండీ" అంటారు, అక్కడే క్లయింటుకు అనుమానం మొదలవుతుంది. నిజానికి ఫొటో వాట్సాప్ స్టేటస్‌కే అయితే అదే చాలు, ఆ మాట మీరే చెప్పి ఊరికే ఇచ్చేయండి. ప్రింట్‌కైతే ఎక్కడ చెడిందో ఒకటి రెండు చోట్ల గీత గీసి చూపించండి.

పని అయిపోయాక ఫొటోను అడ్డంగా తిప్పేసి, అంటే అద్దంలోలా కుడిఎడమలు మార్చి ఒకసారి చూడండి. గంటల తరబడి అదే చూసి కన్ను అలవాటు పడిపోతుంది, తిప్పగానే అతుకులు, ఒకేలా ఉన్న ముక్కలు బయటపడతాయి. నేను రాత్రి చేసింది పొద్దున తిప్పి చూడకుండా ఎవరికీ పంపను.

ఇక కొటేషన్‌లో ఇప్పటినుంచి ఒక లైను పెట్టుకోండి. "మొటిమలు, మరకలు, వైర్లు తీయడం ప్యాకేజీలోనే, మనిషికి లేదా బట్టకు అడ్డంగా ఉన్న వస్తువులు తీయడానికి ఫొటో చూశాక గంటల లెక్కన విడిగా" అని నేను రాస్తున్నాను. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఆ లైను చదివి వినిపిస్తాను, అప్పుడు ఎవరూ బాధపడరు, పెళ్లయ్యాక చెప్తేనే గొడవ.