అంబోసెలిలో ఎముకల దగ్గర ఆగిన ఏనుగుని ఎలా చూడాలి

చి. సింధుకు,

కెన్యాలోని అంబోసెలి జాతీయ పార్కుకి నీ ప్రయాణం ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. ఏనుగులు చచ్చిపోయిన తమవాళ్ల ఎముకల్ని ఎందుకు తడుముతాయో దగ్గరుండి చూడాలని నీ కోరిక. చూడు, కానీ నోట్సులో మొదటి రోజే "దుఃఖిస్తోంది" అని రాసేయకు. తొండం ఎక్కడ పెట్టింది, ఎంతసేపు ఉంచింది, తర్వాత ఏం చేసింది, అంతవరకే రాసుకో.

ముందు తొండం కొస మీద కన్నుంచు. పుర్రె మీద తాకీతాకకుండా ఆడిస్తే వాసన పడుతున్నట్టు. ఆ కొసని నోట్లోకి తీసుకెళ్తే అంగిలిలో వాసనని పరీక్షించే అవయవానికి అందిస్తున్నట్టు. కాళ్లు కూడా చూడు. పాదం మెత్తగా ఆనించి ఎముకని అటూ ఇటూ కదుపుతాయి. ఇది చాలామంది గమనించరు, ఎందుకంటే అందరి కెమెరాలూ తొండం మీదే ఉంటాయి.

అంబోసెలిలోనే కేరెన్ మెకాంబ్, లూసీ బేకర్, సింథియా మాస్ అనే పరిశోధకులు చేసిన మూడు ప్రయోగాల ఫలితాలు 2006లో వచ్చాయి. ఏనుగుల గుంపుల ముందు వస్తువులు పెట్టి చూశారు. దంతం, ఏనుగు పుర్రె, చెక్కముక్క పెడితే అన్నిటికన్నా దంతం దగ్గరే ఎక్కువసేపు ఉన్నాయి. ఏనుగు పుర్రె పక్కన అడవిదున్న, ఖడ్గమృగం పుర్రెలు పెట్టినా ఏనుగుదే ఎంచుకున్నాయి. దంతం మీద అంత మోజుకి వాళ్లు చెప్పిన కారణం నాకు నచ్చింది: బతికున్నప్పుడు కూడా ఏనుగులు ఒకదాని దంతాన్ని మరొకటి తొండంతో తాకుతుంటాయి. చనిపోయాక మారకుండా మిగిలేది అదే.

మూడో ప్రయోగం మాత్రం బాగా గుర్తుపెట్టుకో. తమ గుంపుని నడిపించి చనిపోయిన పెద్ద ఆడ ఏనుగు పుర్రెని, వేరే గుంపుల పెద్దల పుర్రెల్ని కలిపి పెట్టారు. తమదాన్ని ప్రత్యేకంగా ఎంచుకోలేదు. అంటే "ఇది ఏనుగుదే" అన్న ఆసక్తి రుజువైంది గానీ, "ఇది మా అమ్మే" అన్న గుర్తింపు రుజువు కాలేదు. తమవాళ్లు తాము తిరిగే మేరలోనే చనిపోతారు కాబట్టి ఆ ఎముకలు తరచూ ఎదురవుతాయి, అంతే కావచ్చు.

అయితే వయసు లెక్కకట్టడానికి సింథియా మాస్ ఒక పెద్ద ఏనుగు దవడని తన శిబిరానికి తెచ్చుకుంటే, కొన్ని వారాలకి దాని కుటుంబం దారి మళ్లి వచ్చి చూసింది. అందరూ వెళ్లాక ఏడేళ్ల కొడుకు ఒక్కడే ఆగి దవడని తడిమాడు. ప్రయోగం కాదన్నా, ఆ సంఘటన నన్ను వదలదు. రెండూ రాసుకో, ఒకదానితో రెండోదాన్ని కొట్టేయకు.

నీకు కనపడే పుర్రెలకి దంతాలు ఉండకపోవచ్చు. దొంగల చేతికి చిక్కకుండా అధికారులు ముందే తీసేస్తారు. అందుకని "దంతాన్ని పట్టించుకోలేదు" అని పొరపాటున రాయకు. పక్కన అడవిదున్న ఎముకలుంటే వాటి దగ్గర ఎంతసేపు ఆగాయో కూడా రాయి, లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. ఎముకల్ని నువ్వు ముట్టుకోకు, నీ వాసన అంటుకుంటుంది. జీపు దిగకు, ఇంజను ఆపించు.

మామయ్య