పేరు పోయినా మిగిలిన గొలుసు

ప్రశ్న: ఫొటోలు కాపీ అవుతుండగా పెన్‌డ్రైవ్ లాగేశాను. ఎర్రర్ చెకింగ్ చేశాక FOUND.000 ఫోల్డర్‌లో FILE0000.CHK కనిపించింది. అది నా ఫొటోయేనా? పేరెందుకు పోయింది? లినక్స్‌లోనూ ఇంతేనా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: చాలావరకు మీ ఫొటోయే అయివుంటుంది. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయివుందనుకుందాం. అందులో డేటాను క్లస్టర్లనే సమాన ముక్కల్లో దాస్తారు. ఫైలు పేరు, సైజు, మొదటి క్లస్టర్ నంబరు డైరెక్టరీలో ఉంటాయి. తరువాతి క్లస్టర్లు ఏవన్నది మాత్రం డ్రైవ్ మొదట్లో విడిగా ఉండే ఫైల్ అలొకేషన్ టేబుల్ చెబుతుంది. క్లస్టర్ 4,096 బైట్లయితే 10,000 బైట్ల ఫొటోకు మూడు క్లస్టర్లు కావాలి. అవి 5, 6, 9 అనుకుంటే టేబుల్‌లో ఇలా ఉంటుంది:

```
5 -> 6
6 -> 9
9 -> 0x0FFFFFFF
```

చివరి విలువ గొలుసు అక్కడితో ముగిసిందనడానికి గుర్తు. ఖాళీ క్లస్టర్‌కైతే సున్నా ఉంటుంది. డైరెక్టరీలో రాయడం, టేబుల్‌లో రాయడం రెండు వేర్వేరు పనులు కనుక, మీరు లాగేసిన క్షణానికి గొలుసు పూర్తయి, పేరు, మొదటి క్లస్టర్ నంబరు ఉండే వరుస ఇంకా డ్రైవ్‌కు చేరి ఉండదు. ఏ డైరెక్టరీ నుంచీ దారి లేని గొలుసు కనబడితే విండోస్‌లో ఎర్రర్ చెకింగ్ చేసే chkdsk ప్రోగ్రామ్ దానికి తానే ఒక పేరు పెడుతుంది. అసలు సైజు కూడా డైరెక్టరీతోనే పోయింది కనుక, ఆ ఫైలు 10,000కు బదులు మూడు నిండు క్లస్టర్ల లెక్కన 12,288 బైట్లు చూపుతుంది. మీ .CHK ఫైలు సైజు కూడా క్లస్టర్ సైజుతో శేషం లేకుండా భాగించబడితే ఇదే జరిగిందనుకోవచ్చు.

ముందుగా ఆ ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. అంతవరకు పెన్‌డ్రైవ్‌లో కొత్తగా ఏదీ రాయకండి. కాపీని హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి మూడు బైట్లు FF D8 FF అయివుంటే అది జేపెగ్ ఫొటో, పేరు చివర .jpg అని మార్చితే సాధారణంగా తెరుచుకుంటుంది. చివరనున్న అదనపు బైట్లను ఫొటో వ్యూయర్లు చాలావరకు పట్టించుకోవు. అయితే కాపీ సగంలోనే ఆగి ఉంటే బొమ్మ కింది భాగం రాదు. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

లినక్స్‌లోని ఎక్స్‌ట్2 వంటి ఐనోడ్ పద్ధతిలో బాధ్యతల పంపకమే వేరు. అక్కడ డైరెక్టరీలో ముఖ్యంగా ఉండేవి పేరు, ఐనోడ్ నంబరు. సైజు, యజమాని, అనుమతులు, డేటా బ్లాకుల చిరునామాలు ఐనోడ్‌లో ఉంటాయి. అందులో 12 బ్లాకుల చిరునామాలు నేరుగా ఉంటాయి, అంతకు మించినవాటిని చిరునామాల కోసమే కేటాయించిన బ్లాకులు మోస్తాయి. అందువల్ల పేరు పోయి ఐనోడ్ నిలిచిన ఫైలును అక్కడి ఎర్రర్ చెకింగ్ ప్రోగ్రామ్ e2fsck, lost+found ఫోల్డర్‌లో #12345 వంటి ఐనోడ్ నంబరుతో పెట్టినప్పుడు, అందులో నమోదైన సైజు, యజమాని వివరాలు అలాగే ఉంటాయి. పేరు మాత్రం అక్కడా తిరిగి రాదు. ఐనోడే చెడిపోతే బ్లాకులను కలిపే దారి పోతుంది, అప్పుడు నష్టం ఇంకా ఎక్కువ.